నోటి మాట మీద ఇచ్చిన అద్దె ఇల్లు: అపోహలు – వాస్తవాలు

అద్దె ఇళ్ల తగాదాల్లో చాలామంది మొదటే చేతులెత్తేసే మాట ఒకటుంది: "అగ్రిమెంటు రాసుకోలేదండీ, ఇక మనం ఏం చేయగలం?" అద్దెదారు అడ్వాన్స్ వదులుకుంటాడు, ఓనరు నెలల బకాయి వదులుకుంటాడు. ఇద్దరూ అంత తొందరగా వదులుకోనక్కర్లేదు. చట్టం నోటి మాటను కొట్టిపారేయలేదు. ఆ మాట ఏమిటో చూపించమంటుంది, అంతే. ఇక్కడ రాస్తున్నది నివాసానికి తీసుకున్న ఇళ్ల గురించి, భారతదేశ చట్టం ప్రకారం.

అపోహ: రాతపూర్వకంగా లేకపోతే అద్దె ఒప్పందమే కాదు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 107వ సెక్షన్ చూస్తే విషయం తేలిపోతుంది. ఏడాదికి మించిన గడువుకు ఇచ్చే లీజు, ఏడాదికేడాది సాగే లీజు, అద్దెను సంవత్సరానికింత అని కట్టే లీజు, ఈ మూడింటికీ రిజిస్టరైన పత్రం ఉండి తీరాలి. మిగతా లీజులు నోటి మాటతో కూడా కుదురుతాయి. కాకపోతే ఆ మాటతో పాటు ఇల్లు స్వాధీనం చేయాలి. అంటే నెలకింత అద్దె అనుకుని, తాళాలు చేతికిచ్చి, అద్దెదారు సామాను దించుకుంటే లీజు ఏర్పడినట్టే. మాట అయింది గానీ తాళాలు ఇవ్వలేదంటే లీజు ఇంకా పుట్టలేదు. "వచ్చే నెల నీకే ఇస్తా" అని చెప్పి వేరొకరికి ఇచ్చేసిన ఓనరుపై ఆ ఇంట్లోకి దిగే హక్కు అడగడం కష్టం. ఇచ్చిన టోకెన్ డబ్బు వెనక్కి అడగడం మాత్రం వేరే సంగతి, అది అడగవచ్చు.

ఒక జాగ్రత్త. కొన్ని రాష్ట్రాలు ఇటీవలి అద్దె చట్టాల్లో రాతపూర్వక ఒప్పందాన్ని తప్పనిసరి చేశాయి. తమిళనాడు 2017 చట్టం అలాంటిదే. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో అక్కడి చట్టాన్ని ముందు చూసుకోవాలి.

అపోహ: "మూడేళ్లు ఉండమన్నారు" అని నోటితో అన్నా, ఆ మూడేళ్లూ కదిలించలేరు.

ఇది అద్దెదారుల వైపు అపోహ. మూడేళ్ల మాట ఏడాదికి మించినది కాబట్టి, రిజిస్టరైన పత్రం లేకుండా ఆ గడువు నిలవదు. అలాగని అద్దెదారు దారిన పోయే మనిషి కూడా కాదు. ఇంట్లో ఉంటూ నెలనెలా అద్దె కడుతుంటే, ఓనరు తీసుకుంటుంటే, అది నెలవారీ లీజుగా నిలుస్తుంది. రిజిస్టరు చేయని ఐదేళ్ల లీజు పత్రం విషయంలో సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో చెప్పింది ఇదే: పత్రం పనికి రాకపోయినా, స్వాధీనం, అద్దె చెల్లింపు కలిసి లీజును ఏర్పరుస్తాయి.

అపోహ: కాగితం లేదు కాబట్టి ఓనరు రేపే తాళం వేయొచ్చు.

వేయకూడదు. నెలవారీ లీజును ముగించాలంటే ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, పోస్టులో గానీ చేతికి గానీ అందాలి. ఆ పదిహేను రోజులూ నోటీసు అందిన తేదీ నుంచి లెక్క. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే ఓనరు వెళ్లాల్సింది కోర్టుకే. కరెంటు తీసేయడం, సామాను బయట పెట్టడం దారి కాదు. బలవంతంగా బయటికి పంపితే అద్దెదారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. నిన్నటిదాకా ఎవరు ఉన్నారు, చట్టప్రకారం కాకుండా తీసేశారా అన్నవే చూస్తారు. రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇల్లయితే నోటీసు ఒక్కటే చాలదు, ఆ చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి కూడా చూపాలి.

ఓనర్లకు కూడా ఒక భయం ఉంటుంది: పన్నెండేళ్లు ఉంటే అద్దెదారే యజమాని అయిపోతాడని. అద్దెదారుగా అడుగుపెట్టిన మనిషి అదే అద్దెలో ఉంటూ, ఇల్లు ఇచ్చిన వ్యక్తి యజమానే కాదని వాదించడాన్ని సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఓనరుకు అసలు చిక్కు వేరే చోట వస్తుంది. ఆ మనిషి అద్దెదారుగానే వచ్చాడని చూపడానికి ఒక్క అద్దె చెల్లింపు ఆధారమూ లేనప్పుడు వస్తుంది. అందుకే నగదు తీసుకుని రసీదు ఇవ్వని అలవాటు ఓనరుకే ఎక్కువ నష్టం.

అపోహ: రాసుకోలేదు కాబట్టి రుజువే లేదు.

అసలు పని ఇక్కడే. సివిల్ తగాదాలో సందేహానికి తావు లేకుండా నిరూపించాలన్న నియమం లేదు. రెండు కథల్లో ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందో కోర్టు చూస్తుంది. అందుకని ఒక్క పెద్ద సాక్ష్యం కోసం వెతక్కుండా, ఒకదాన్నొకటి బలపరిచే చిన్నచిన్న ఆధారాలను తేదీల వారీగా పేర్చాలి.

ఒక ఉదాహరణను పూర్తిగా లెక్క కట్టి చూద్దాం. అద్దె నెలకు 14,000. అడ్వాన్స్ 42,000 అనుకున్నారు. 2023 మే 28న 20,000 యూపీఐలో, మిగతా 22,000 నగదుగా ఇచ్చారు. జూన్ నుంచి 2025 మార్చి దాకా ఇరవై రెండు నెలలు అద్దె యూపీఐలోనే వెళ్లింది. ఖాళీ చేశాక ఓనరు అంటున్నాడు: "నాకు అందిన అడ్వాన్స్ 20,000 మాత్రమే. పెయింటుకు 15,000 పోగా మిగిలింది 5,000."

అద్దె ఎంతన్నదానికి ఇబ్బంది లేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా అదే మొత్తం, అదే ఖాతాకు వెళ్లింది. యూపీఐ నోట్‌లో ఏమీ రాయకపోయినా ఆ వరుసే మాట్లాడుతుంది. 20,000 కూడా అక్కడే కనిపిస్తుంది. చిక్కంతా నగదు 22,000తో. అదే రోజు బ్యాంకు నుంచి 22,000 డ్రా చేసినట్టు ఎంట్రీ ఉంది. దాంతో ఆ డబ్బు చేతిలో ఉందని తేలుతుంది గానీ, ఓనరుకు ఇచ్చారని తేలదు. చాలామంది ఈ తేడా గమనించక ఇక్కడే ఆగిపోతారు.

తర్వాత చాట్ చూడాలి. జూన్ 5న అద్దెదారు పంపిన మెసేజ్: "అంకుల్, మూడు నెలల అడ్వాన్స్ మొత్తం ముట్టినట్టే కదా, ఇది జూన్ అద్దె." దానికి జవాబు: "ఆ ముట్టింది బాబూ." అంకె ఎక్కడా లేదు. అయినా మూడు నెలల అడ్వాన్స్ అంటే ఎంతో స్టేట్‌మెంటు చెబుతుంది: నెలకు 14,000 చొప్పున 42,000. అందులో 20,000 ఖాతాలో వెళ్లింది కాబట్టి మిగిలిన 22,000 నగదుగా వెళ్లినట్టు, ఆ రోజు డ్రా చేసిన మొత్తంతో సరిగ్గా సరిపోతుంది. విడివిడిగా చూస్తే బలహీనంగా ఉన్న మూడు ఆధారాలు ఒకే అంకె దగ్గర కలిశాయి. డబ్బు ఇస్తున్నప్పుడు పక్కనున్న స్నేహితుడో, ఇల్లు చూపించిన బ్రోకరో ఉంటే వాళ్ల సాక్ష్యం దీనికి తోడు. సాక్షి ఉన్నా, అతడు చూసింది డబ్బు లెక్కపెట్టి ఇవ్వడాన్నా, "ఇచ్చేశాను" అని తర్వాత విన్నాడా అన్నది కీలకం. విన్నమాటకు బలం ఉండదు.

ఇక పెయింటు. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల పోను. దాదాపు రెండేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం అరుగుదలే. "ఖాళీ చేసేటప్పుడు పెయింటు ఖర్చు మీదే" అన్న మాట అయిందని ఓనరు అంటే, ఆ మాట చూపాల్సింది ఓనరు. అద్దెదారు దిగిన రోజున, వెళ్లిన రోజున తీసిన ఫోటోలు ఉంటే ఇక్కడే అక్కరకొస్తాయి.

ఇంట్లో ఉన్నారని చూపడానికి గ్యాస్ డెలివరీ రసీదులు, ఆ చిరునామాకు వచ్చిన పోస్టు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ రసీదులు పనికొస్తాయి. ఉద్యోగులు హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో ఇచ్చిన అద్దె రసీదులనూ వెతకండి. వాటి మీద ఓనరు సంతకం ఉంటే, అది ఆయన చేతిరాతలోని ఒప్పుకోలే.

అపోహ: స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే సరిపోతుంది.

స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా మార్చవచ్చని అవతలివాళ్లు అంటారు, అప్పుడు ఇబ్బంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, చాట్ ప్రింటు తీసి కోర్టులో పెడితే దాంతోపాటు సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం ఫోను వాడే మనిషి పూరించాలి, రెండో భాగం నిపుణుడు. ఫైలు తర్వాత మారలేదని పోల్చి చూసేందుకు పనికొచ్చే గుర్తు, అంటే దాని హాష్ విలువ, కూడా అందులో రాయాలి. అందుకే చాట్ డిలీట్ చేయకండి, పాత ఫోను అమ్మేయకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి. మీకు నచ్చిన నాలుగు లైన్లు మాత్రమే తీస్తే మధ్యలో ఏం దాచారన్న ప్రశ్న వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటు కూడా యాప్‌లోది కాకుండా, బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చినది తీసుకోండి.

అపోహ: ఇప్పుడు పాత తేదీ వేసి ఒక అగ్రిమెంటు రాసేసుకుంటే అయిపోతుంది.

దయచేసి ఇది చేయకండి. స్టాంపు పేపరు ఎప్పుడు అమ్మారో దాని మీదే ఉంటుంది. ఒక్క పాత తేదీ బయటపడితే మిగతా నిజమైన ఆధారాల మీద కూడా నమ్మకం పోతుంది, పైగా అది ఫోర్జరీ ఆరోపణ దాకా వెళ్లవచ్చు.

దానికి బదులు, సంబంధాలు బాగున్నప్పుడే నేటి తేదీతో నిజాన్ని రాతలోకి తెచ్చుకోవచ్చు. అద్దె పంపిన రోజున మామూలుగా ఇలా రాస్తే చాలు: "అంకుల్, ఆగస్టు అద్దె 14,000 పంపాను. మే 28న ఇచ్చిన అడ్వాన్స్ 42,000 మీ దగ్గర ఉంది కదా, ఖాళీ చేసేముందు నెల ముందు చెబుతాను." "సరే" అని వస్తే అంతకన్నా ఏం కావాలి. జవాబు రాకపోయినా, తగాదా పుట్టకముందే అన్న మాటగా దానికి కొంత విలువ ఉంటుంది. నగదు ఇవ్వక తప్పకపోతే, ఇచ్చిన పది నిమిషాల్లో ఇలాంటి మెసేజే పంపండి.

తగాదా మొదలయ్యాక మొదటి మెట్టు రాతపూర్వక నోటీసు. ఎప్పుడు దిగారు, అద్దె ఎంత, అడ్వాన్స్ ఎలా ఇచ్చారు, ఎంత రావాలి అన్నవి తేదీలతో రాసి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టు చేయాలి. "అడ్వాన్స్ అంత కాదు, ఇంతే" అని వచ్చే జవాబు కూడా మీకు ఉపయోగమే. అద్దె ఒప్పందమే లేదన్న వాదన అక్కడితో పోతుంది. ఆపై చిన్న మొత్తమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కేసు వేయకముందే రాజీకి అర్జీ పెట్టవచ్చు. అక్కడ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డుగా మారితే దానికి డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. అద్దె బకాయికి దావా వేసేందుకు గడువు, ప్రతి నెల బకాయి పడిన నాటి నుంచి మూడేళ్లు. అడ్వాన్స్ వెనక్కి అడిగేవారు ఖాళీ చేసిన తేదీ నుంచే మూడేళ్లు లెక్కేసుకోవడం క్షేమం. ఫోన్లో "చూద్దాం, ఇస్తాలే" అని చెబుతూ పోయిన కాలం ఆ గడువును పెంచదు.