పుల్‌బ్యాక్ తర్వాత టార్గెట్ ఎక్కడ? ఫిబొనాచీ ఎక్స్‌టెన్షన్ లెక్క

ఫిబొనాచీ రిట్రేస్‌మెంట్ గీయడానికి చార్ట్ మీద రెండు బిందువులు చాలు. ఎక్స్‌టెన్షన్‌కు మూడు కావాలి. ఈ రెండు పనిముట్ల మధ్య తేడా అంతా ఆ మూడో బిందువు దగ్గరే ఉంది. చాలామంది టార్గెట్లు తప్పడానికి ఒక కారణం కూడా అదే: మూడు బిందువులు కావాల్సిన చోట రెండిటితో సరిపెట్టేస్తారు.

పెరిగిన ధర దిగుతున్నప్పుడు అడిగే ప్రశ్న రిట్రేస్‌మెంట్‌ది: పెరిగినదాంట్లో ఎంత భాగం పోగొట్టుకున్నాక ధర నిలదొక్కుకోవచ్చు? 38.2, 50, 61.8, 78.6 శాతం గీతలన్నీ పాత కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యలోనే పడతాయి. దిగడం ఆగి, ధర మళ్లీ పైకి మళ్లాక వచ్చే ప్రశ్న ఎక్స్‌టెన్షన్‌ది: ఈ రెండో పరుగు మొదటి పరుగుతో పోలిస్తే ఎంత దూరం సాగవచ్చు? మొదటిది కొనే ధర కోసం, రెండోది లాభం తీసుకునే ధర కోసం.

మొదటి పరుగు మొదలైన కనిష్ఠం A, ముగిసిన గరిష్ఠం B, ఆ తర్వాతి దిగుదల, అంటే పుల్‌బ్యాక్, ఆగిన కనిష్ఠం C అనుకుంటే లెక్క ఇంతే:

```
రిట్రేస్‌మెంట్ = B − (B − A) × నిష్పత్తి
ఎక్స్‌టెన్షన్  = C + (B − A) × నిష్పత్తి
```

ఎక్కువగా వాడే నిష్పత్తులు 0.618, 1, 1.272, 1.618. ఫిబొనాచీ వరుసలో ఏ సంఖ్యనైనా దాని ముందున్న సంఖ్యతో భాగిస్తూ పోతే ఫలితం 1.618కి దగ్గరవుతుంది. దాన్ని తలకిందులు చేస్తే 0.618, వర్గమూలం తీస్తే 1.272. 1 అనే నిష్పత్తి మాత్రం ఇలా వచ్చింది కాదు, సాదా లెక్క, రెండో పరుగు మొదటిదానికి సమానమని అర్థం. (ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఈ వరుస కొత్తది కాదు. నాలుగు మాత్రల్ని లఘు గురువులతో ఐదు రకాలుగా నింపవచ్చు, ఐదు మాత్రల్ని ఎనిమిది రకాలుగా, ఆరు మాత్రల్ని పదమూడు రకాలుగా. 1202లో ఫిబొనాచీ తన పుస్తకం రాయడానికి ముందే హేమచంద్రుడు ఈ లెక్క చెప్పాడు.)

నిఫ్టీ 50లో జరిగిన ఒక కదలికను తీసుకుని ఈ లెక్క వేద్దాం. 2022 జూన్ 17న సూచీ 15,183 దాకా పడింది. అది A. అక్కడి నుంచి పెరిగి డిసెంబరు 1న 18,888కి చేరింది. అది B. మొదటి పరుగు పొడవు 3,704 పాయింట్లు. తర్వాత దిగుతూ 2023 మార్చి 20న 16,828 తాకింది. అది C. పెరిగినదాంట్లో 55.6 శాతం పోయిందన్నమాట, అంటే 50 శాతం గీత 17,036కీ 61.8 శాతం గీత 16,598కీ మధ్యలో ఆగింది. రిట్రేస్‌మెంట్ పని ఇక్కడితో అయిపోయింది. C నుంచి 3,704ని ఒక్కో నిష్పత్తితో పైకి కొలిస్తే నాలుగు టార్గెట్లు వస్తాయి: 0.618 దగ్గర 19,118, ఒకటి దగ్గర 20,533, 1.272 దగ్గర 21,540, 1.618 దగ్గర 22,822.

ఇదే పనిని కొందరు రిట్రేస్‌మెంట్ పనిముట్టుతోనే, A, B మాత్రమే పెట్టి, 1.272, 1.618 గీతల్ని పైకి పొడిగించి చేస్తారు. అప్పుడు కొలత C నుంచి కాక A నుంచి మొదలవుతుంది. ఆ గీతలు 19,895, 21,177 దగ్గర పడతాయి. పేరు అదే 1.618, తేడా మాత్రం 1,645 పాయింట్లు. ఆ తేడా ఎప్పుడూ Cకీ Aకీ మధ్య ఉన్న దూరమే. ఈ పద్ధతి తప్పని కాదు గానీ, ఇందులో పుల్‌బ్యాక్ ఎంత లోతుకు పోయినా టార్గెట్ మారదు. ఒకరు '1.618 టార్గెట్' అన్నప్పుడు ఎక్కడి నుంచి కొలిచారో అడగాల్సిందే.

ట్రేడింగ్‌వ్యూలో ఈ రెండూ వేర్వేరు పేర్లతో ఉంటాయి: `Fib Retracement`, `Trend-Based Fib Extension`. రెండోదానికి మూడు క్లిక్కులు, A, B, C వరుసలోనే. మొదటిదాన్ని మామూలుగా కింది నుంచి పైకి లాగితే సున్నా పైన, ఒకటి కింద పడతాయి. కాబట్టి 1.618 గీత A కంటే కిందికి, మన ఉదాహరణలో 12,894 దగ్గరకు వెళ్తుంది. పైన టార్గెట్ కావాలంటే పై నుంచి కిందికి లాగాలి, లేదా సెట్టింగుల్లో −0.272, −0.618 అని రాసుకోవాలి. గీత మీద 1.618 అని కనిపిస్తే చాలదు, ధర అంకె కూడా చూడాలి.

C ఎక్కడన్నది అసలు చిక్కు. మార్చి 20న అదే కనిష్ఠమని ఎవరికీ తెలియదు, పడుతున్న ధర మరుసటి రోజు ఇంకా పడవచ్చు. అందుకని ఒక నియమం పెట్టుకోవాలి. వారపు చార్ట్‌లో ఒక కనిష్ఠానికి ముందు రెండు వారాలూ తర్వాత రెండు వారాలూ కనిష్ఠాలు దానికంటే పైన ఉంటేనే దాన్ని C అనడం ఒక పద్ధతి. అలా చూస్తే 16,828 ఖాయమయ్యేది ఏప్రిల్ 6న, నిఫ్టీ 17,599 దగ్గర ముగిశాక. అడుగు నుంచి 770 పాయింట్లు అప్పటికే చేజారాయి. ఆ ధరలో కొని, C కిందుగా 16,800 దగ్గర స్టాప్‌లాస్ పెడితే పెట్టుకున్న రిస్కు 800 పాయింట్లు. మొదటి టార్గెట్ ఇచ్చేది దాదాపు 1,520 పాయింట్లు, రిస్కుకు రెట్టింపు కంటే కాస్త తక్కువ. రెండోది ఇచ్చేది 2,930, సుమారు మూడున్నర రెట్లు. ఈ భాగహారం చేయకుండా గీతలు గీయడం వృథా. ధర ఇంకా పైకి పోయాక కొంటే మొదటి టార్గెట్‌కు అర్థమే ఉండదు.

తర్వాత ఏం జరిగిందో చూస్తే ఈ పనిముట్టు బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. జూన్ 30న సూచీ 19,189 దగ్గర ముగిసింది, మొదటి టార్గెట్ దాటినట్టే. జులైలో 19,992 దాకా, సెప్టెంబరు 15న 20,222 దాకా వెళ్లింది. రెండో గీతకు ఇంకా 310 పాయింట్ల దూరం ఉండగానే వెనక్కి తిరిగి అక్టోబరు 26న 18,838కి పడింది. పాత గరిష్ఠం B ఇప్పుడు మద్దతుగా నిలుస్తుందని నమ్మి స్టాప్‌ను 18,888కి జరుపుకున్నవాళ్లు ఆ రోజు 50 పాయింట్ల తేడాతో బయటపడి ఉంటారు. ఆ తర్వాత మార్కెట్ తిరిగింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చిన మరుసటి రోజు, డిసెంబరు 4న, నిఫ్టీ 20,533ని దాటి 20,687 దగ్గర ముగిసింది. మొదటి టార్గెట్ దగ్గర కొంత అమ్మి, మిగతాదానికి స్టాప్‌ను కొన్న ధర 17,600 దగ్గరే ఉంచినవాళ్లకు రెండో టార్గెట్ దక్కేది. స్టాప్‌ను ఎంత దగ్గరికి జరపాలో ఎక్స్‌టెన్షన్ చెప్పదు. అది విడిగా తేల్చుకోవాల్సిన విషయం.

డిసెంబరు 20న సూచీ 1.272 గీతను కాస్త దాటి 21,593 తాకి, అదే రోజు 21,150కి జారి ముగిసింది. 2024 ఏప్రిల్ 10న 22,776 దగ్గర, మే 3న 22,795 దగ్గర, 1.618 గీత 22,822కి కొద్ది పాయింట్ల కిందే రెండుసార్లు ఆగి, ఒక్కోసారి వెయ్యి పాయింట్లకు దగ్గరగా పడింది. మే 23న మాత్రం దాన్ని దాటేసింది.

ఇది చూసి ఆశ్చర్యపోయే ముందు ఒక చిన్న లెక్క వేయాలి. మూడు బిందువుల గీతలు నాలుగు, A నుంచి కొలిచిన గీతలు రెండు. పుల్‌బ్యాక్ పొడవును 1.272, 1.618తో గుణించి C నుంచి కొలిచేవాళ్లూ ఉన్నారు, వాళ్ల గీతలు 19,448, 20,160. అన్నీ కలిపితే 19,118 నుంచి 21,540 వరకు ఏడు గీతలు పడ్డాయి. వాటిలో అతిపెద్ద ఖాళీ 644 పాయింట్లు. అంటే ఈ మేరలో సూచీ ఎక్కడ మలుపు తిరిగినా ఏదో ఒక గీతకు 322 పాయింట్ల లోపే ఉంటుంది, అది ఒకటిన్నర శాతం దాకా దూరం. సెప్టెంబరు గరిష్ఠం 20,222ని ఎవరైనా '20,160 గీత పనిచేసింది' అనవచ్చు, మరొకరు '20,533 తప్పింది' అనవచ్చు, ఇద్దరి చేతిలోనూ చార్ట్ ఒకటే. ధర ఫలానా నిష్పత్తి దగ్గర ఆగి తీరాలనడానికి మార్కెట్ లోపల కారణం ఏదీ లేదు. ఎక్కువమంది ఒకే చోట అమ్మకం ఆర్డర్లు పెట్టడం వల్ల కొంత ప్రభావం ఉండవచ్చు, అంతవరకే. అందుకే ఏ పద్ధతి, ఏ మూడు బిందువులు, ఏ రెండు గీతలు అన్నది కొనడానికి ముందే రాసిపెట్టుకోవాలి. తర్వాత ఎంచుకున్న గీత ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది.

పుల్‌బ్యాక్ లోతు టార్గెట్లను ఎలా మారుస్తుందో కూడా చూడాలి. ధర 61.8 శాతం కంటే ఎక్కువ వెనక్కి వస్తే 0.618 ఎక్స్‌టెన్షన్ పాత గరిష్ఠం B కంటే కిందే పడుతుంది. అప్పుడది పేరుకే ఎక్స్‌టెన్షన్, కొత్త గరిష్ఠం కూడా ఇవ్వదు. 78.6 శాతం దాకా వచ్చిన పుల్‌బ్యాక్‌లో ఒకటి గీత కూడా B కంటే మొదటి పరుగులో 21.4 శాతం మాత్రమే పైన ఉంటుంది. అలాంటి చోట Bనే మొదటి టార్గెట్‌గా పెట్టుకోవడం మేలు. C గనక A కంటే కిందికి దిగితే గీయడానికి ఏమీ లేదు, మొదటి పరుగు అక్కడే చెల్లిపోయింది.

చివరగా సెట్టింగుల మాట. పైన వేసిన లెక్కలన్నీ పాయింట్లలో. మొదటి పరుగు 24.4 శాతం కాబట్టి, రెండో పరుగు కూడా 24.4 శాతమే సాగాలని లాగ్ స్కేల్‌లో కొలిస్తే ఒకటి గీత 20,533 కాదు, 20,934 అవుతుంది. 1.618 గీత 23,957కి పోతుంది. కొద్ది శాతం కదలికలో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, ఏడాది పొడవునా సాగే కదలికల్లో వెయ్యి పాయింట్లు దాటుతుంది. ఫ్యూచర్స్ చార్ట్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. నెల మారినప్పుడల్లా కాంట్రాక్టు మారి, ప్రీమియం వల్ల A, B, C ఒకే కొలబద్ద మీద ఉండవు. గీతలు స్పాట్ సూచీ మీద గీసి, ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ రోజు ప్రీమియం కలుపుకోవాలి.