గేటు దగ్గర ఆగిన బండ్ల లెక్క: ఫైనైట్ వాల్యూమ్ పద్ధతిలో మొత్తం ఎందుకు తప్పదు

రైల్వే గేటు పడినప్పుడు ముందున్న బండి ఆగుతుంది, దాని వెనకది ఆగుతుంది, అలా ఆగిన బండ్ల వరుస తోక వెనక్కి జరుగుతూ పోతుంది. ఆ తోక ఎంత వేగంతో వెనక్కి జరుగుతుందో కంప్యూటర్‌తో లెక్క కట్టాలనుకుందాం. దారిలో అడ్డరోడ్లు లేకపోతే మన చేతిలో నమ్మదగిన సూత్రం ఒకటే ఉంటుంది: ఒక రోడ్డు ముక్కలోని బండ్ల సంఖ్య మారాలంటే, ఆ ముక్క రెండు చివరల గుండా బండ్లు రావాలి లేదా పోవాలి. దీనినే నిత్యత్వ నియమం అంటారు. రోడ్డు మీది రద్దీని ఈ నియమంతో వర్ణించవచ్చని 1955లో లైట్‌హిల్, విథమ్, 1956లో రిచర్డ్స్ చూపించారు.

ఇందులో బండ్లను ఒక్కొక్కటిగా కాకుండా సాంద్రతగా, అంటే కిలోమీటరుకు ఎన్ని బండ్లు అన్న లెక్కలో చూస్తారు. కాబట్టి ముందు ముందు బండ్ల సంఖ్యలో దశాంశాలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సాంద్రత ρ అనుకుందాం. ఖాళీ రోడ్డు మీద వేగం గంటకు 100 కి.మీ. ఉండి, కిలోమీటరుకు 200 బండ్లు చేరేసరికి అది సున్నా అయ్యేలా సరళరేఖలో తగ్గుతుందనుకుంటే, ఒక చోటును గంటలో దాటే బండ్ల సంఖ్య, అంటే ప్రవాహం, ఇలా ఉంటుంది:

f(ρ) = 100 ρ (1 − ρ/200)

కిలోమీటరుకు 50 బండ్లు ఉన్నప్పుడు ప్రవాహం గంటకు 3750. సాంద్రత 200 అయితే ఎవరూ కదలరు, ప్రవాహం సున్నా. ఇక తోక వేగం చెప్పడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. గంటకు 3750 బండ్లు వచ్చి వరుసలో చేరుతున్నాయి. తోక జరిగిన ప్రతి కిలోమీటరులోనూ అదనంగా 150 బండ్లు పడతాయి. కాబట్టి తోక గంటకు 25 కి.మీ. చొప్పున వెనక్కి జరుగుతుంది. జవాబు ముందే తెలిసిన ఈ లెక్కతో మన పద్ధతిని పరీక్షించుకోవచ్చు.

రోడ్డును అర కిలోమీటరు గడులుగా విడగొట్టి, గేటు వైపు వెళ్లే వరుసలో వాటిని ‘అ’, ‘ఆ’, ‘ఇ’, ‘ఈ’ అందాం. ఫైనైట్ వాల్యూమ్ పద్ధతిలో మనం దాచుకునేది ఏదో ఒక బిందువు దగ్గరి సాంద్రతను కాదు, గడి మొత్తంలో ఉన్న బండ్ల సంఖ్యను. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు కీలకం ఇదే. గడిలోని సంఖ్యకు కొత్తగా వచ్చినవి కలిపి, బయటికి పోయినవి తీసేస్తే తరువాతి సంఖ్య వస్తుందన్నది ఉజ్జాయింపు కాదు, అక్షరాలా నిజం. ఒక్క సరిహద్దును ఎన్ని బండ్లు దాటాయన్నది మాత్రమే మనం అంచనా వేయాలి.

ఆ అంచనాకు రద్దీ విషయంలో తేలికైన నియమం ఉంది. వెనక గడి ఎన్ని బండ్లను పంపగలదో, ముందు గడి ఎన్నింటిని తీసుకోగలదో చూసి, వాటిలో చిన్నదాన్ని తీసుకోవాలి. 1959లో గొదునోవ్ వాయు ప్రవాహాల కోసం ప్రతిపాదించిన పద్ధతిని ఈ రద్దీ లెక్కకు వర్తింపజేస్తే వచ్చే నియమం ఇదే. కాలాన్ని అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగుకు 14.4 సెకన్లు తీసుకుందాం. గంటకు 3750 అంటే అడుగుకు 15 బండ్లు.

మొదట ‘అ’, ‘ఆ’, ‘ఇ’ గడుల్లో 25 చొప్పున, గేటు ముందున్న ‘ఈ’ గడిలో 100 బండ్లు, మొత్తం 175. ‘ఈ’ గడిలో చోటు లేదు కాబట్టి ‘ఇ’ నుంచి దానిలోకి ఏదీ పోదు. ‘ఇ’ లోకి మాత్రం ప్రతి అడుగులో 15 వస్తాయి. అలా నాలుగు అడుగుల్లో ‘ఇ’ గడి 40, 55, 70, 85 అవుతుంది. అప్పటికి ‘ఇ’ గడి సాంద్రత 170, ఆ సాంద్రత దగ్గర ప్రవాహం గంటకు 2550; కాబట్టి ఐదో అడుగులో ‘ఇ’ గడి 10.2 బండ్లను మాత్రమే తీసుకోగలదు, ‘ఇ’ 95.2 అవుతుంది, మిగిలిన 4.8 వెనకే ఆగి ‘ఆ’ గడి 29.8 అవుతుంది. ఐదు అడుగులంటే 72 సెకన్లు. ఆ వ్యవధిలో నిజమైన తోక సరిగ్గా ఒక గడి దూరం జరిగి, ‘ఇ’ లో 100, ‘ఆ’ లో 25 ఉండాలి. మన లెక్కలో తోక కొంచెం చెదిరింది, కానీ రెండింటి మొత్తం 125 దగ్గర ఏ మార్పూ లేదు. నాలుగు గడుల్లో కలిపి 250. మొదటి 175కు బయటినుంచి వచ్చిన 75 చేరిందన్నమాట.

ఇందులో మాయేమీ లేదు. ‘ఆ’, ‘ఇ’ గడుల మధ్య దాటిన 10.2 అన్న సంఖ్య ‘ఆ’ లెక్కలో తీసివేతగా, ‘ఇ’ లెక్కలో కూడికగా వస్తుంది. అన్ని గడులనూ కలిపితే లోపలి సరిహద్దుల సంఖ్యలన్నీ ఇలా జంటలుగా కొట్టుకుపోయి, రెండు కొసల వద్దివి మాత్రమే మిగులుతాయి. గడులు చిన్నవైనా పెద్దవైనా, ఒకదానికొకటి సమానం కాకపోయినా ఇది మారదు. ప్రోగ్రాములో గడుల మీద కాకుండా సరిహద్దుల మీద లూప్ నడిపేది ఇందుకే:

```python
for k in range(1, N):
    q = min(send(n[k-1]), receive(n[k]))
    dn[k-1] -= q
    dn[k]   += q
```

`q` ఒక్కసారే లెక్కించి రెండు చోట్లా వాడుతున్నాం. అదే సరిహద్దుకు ఎడమ గడి తన సూత్రంతో ఒక విలువను, కుడి గడి తన సూత్రంతో మరొకదాన్ని కడితే, ఆ రెండింటి తేడా ప్రతి అడుగులోనూ కారిపోతుంది.

ఇప్పుడు ఇదే నిత్యత్వ నియమాన్ని, గణితంలో తప్పేమీ లేకుండా, మరో రూపంలో రాద్దాం:

∂ρ/∂t + 100 (1 − ρ/100) ∂ρ/∂x = 0

సాంద్రత నునుపుగా మారే చోట రెండు రూపాలూ ఒకటే. దీన్ని బిందువుల దగ్గర, సమాచారం వచ్చే దిక్కువైపు పొరుగు బిందువుతో తేడా తీసుకుంటూ లెక్కిద్దాం. సాంద్రత 50 ఉన్న చోట గుణకం ధనాత్మకం, కాబట్టి వెనక్కి చూడాలి. అక్కడా 50 ఉంది, తేడా సున్నా. సాంద్రత 200 ఉన్న చోట గుణకం రుణాత్మకం, కాబట్టి ముందుకు చూడాలి. అక్కడా 200, తేడా సున్నా. అంటే ఎన్ని అడుగులు వేసినా ఏదీ మారదు, తోక ఉన్నచోటనే ఉంటుంది, గంటకు 3750 బండ్లు తోక దగ్గరికి వచ్చి మాయమవుతాయి. గడులను మిల్లీమీటరుకు తగ్గించినా జవాబు ఇదే. ప్రోగ్రాము ఆగిపోదు, సంఖ్యలు ఊగిసలాడవు, తెరమీది గీత ముచ్చటగా ఉంటుంది. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు లేదు.

1960లో లాక్స్, వెండ్రాఫ్ నిరూపించిన సిద్ధాంతం ఈ తేడాకు గణిత రూపమిచ్చింది. సరిహద్దు ప్రవాహాలతో నడిచే పద్ధతి ఇచ్చే జవాబు, గడులు చిన్నవవుతున్న కొద్దీ ఒక పరిమితికి చేరితే, ఆ పరిమితి నిత్యత్వ నియమాన్ని ఎగుడుదిగుళ్ల దగ్గర కూడా పాటిస్తుంది; కాబట్టి తోక వేగం సరిగా వస్తుంది. అయితే ఆ ‘చేరితే’ అన్నది గట్టి షరతే; జవాబు చేరుతుందని ఈ సిద్ధాంతం హామీ ఇవ్వదు.

మొత్తం సరిపోయినంత మాత్రాన జవాబు సరైనదని కూడా అనుకోకూడదు. పై ఐదో అడుగులో 10.2 బదులు నోటికొచ్చినట్టు 7 వేసినా మొత్తం 250 చెక్కుచెదరదు. ‘ఆ’ గడిలో 3.2 బండ్లు ఎక్కువ, ‘ఇ’ గడిలో 3.2 తక్కువ ఉంటాయి, అంతే. ప్రవాహపు అంచనాలోని తప్పు బండ్ల పంపకంలోకి పోతుంది తప్ప మొత్తంలోకి రాదు. ఇక మొత్తం ‘చెక్కుచెదరదు’ అన్న మాటకు కంప్యూటర్‌లో ఒక మినహాయింపు ఉంది: దశాంశాలను కుదించడం వల్ల చివరి అంకెల్లో స్వల్పమైన తేడా వస్తుంది.

అందుకే ప్రతి అడుగులో ఒక సంఖ్యను అచ్చు వేయించుకోవడం మంచిది: ఇప్పటి మొత్తంలోంచి మొదటి మొత్తాన్ని, కొసల నుంచి వచ్చిన నికర సంఖ్యను తీసేస్తే మిగిలేది. అది పదిహేనో పదహారో అంకె దగ్గర అటూ ఇటూ కదులుతుంటే కుదింపు వల్లనే అనుకోవచ్చు. అడుగడుగునా ఒకే వైపు పెరుగుతుంటే ప్రోగ్రాములో ఎక్కడో చిల్లు ఉంది. చాలాసార్లు ఆ చిల్లు, రుణాత్మకమైన గడి విలువను చూసి కంగారుపడి దాన్ని సున్నా చేసేసిన ఒక్క వరుసలో దొరుకుతుంది. −0.3ను సున్నా చేయడమంటే ఎక్కడి నుంచో 0.3 బండిని రోడ్డు మీదికి తెచ్చినట్టే. విలువ రుణాత్మకం కాకూడదనుకుంటే సవరించాల్సింది గడిని కాదు, దాని సరిహద్దు గుండా పోతున్న `q`ను. అప్పుడు తగ్గించిన భాగం పక్క గడి లెక్కలోనూ అంతే తగ్గుతుంది.