డీమ్యాట్ కేవైసీ: ఇంటిపేరు, ఇనిషియల్ తెచ్చే తంటాలు

చెన్నై టీ నగర్‌లో డీమ్యాట్ ఖాతాల పని చూస్తుంటాను. నా దగ్గరికొచ్చే తెలుగువాళ్ల చిక్కుల్లో ఎక్కువ భాగం పేరు దగ్గరే మొదలవుతాయి.

అపోహ: ఖాతా తెరుచుకుంది కాబట్టి కేవైసీ అయిపోయినట్టే.

కాదు. బ్రోకర్ మీ వివరాలను కేఆర్ఏ అనే నమోదు సంస్థకు పంపుతారు. వాళ్లు పాన్, పేరు, చిరునామా, ఫోను, ఈమెయిల్ సరిచూస్తారు. ఏ కేఆర్ఏ వెబ్‌సైట్‌లోనైనా పాన్ నంబరు కొట్టి చూడండి. `KYC Validated` అని ఉంటే నిశ్చింత. `On Hold` అని ఉంటే ఏదో కుదరలేదన్నమాట. చాలాసార్లు కారణం చిన్నదే: ఈమెయిల్‌కు వచ్చిన ధ్రువీకరణ లింకు నొక్కకపోవడం.

అపోహ: మనిషి ఒకరే కదా, పేరు కాస్త అటూ ఇటూ ఉంటే ఏమవుతుంది?

పెరంబూరు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. పేరు సునీత అనుకుందాం. పాన్‌లో `PASUPULETI SUNITHA`, ఆధార్‌లో `Sunitha R`. మనకు ఇనిషియల్ అంటే ఇంటిపేరు. తమిళనాడులో నాన్న పేరు మొదటి అక్షరం. బడిలో ఆ పద్ధతిలో రాసిన `R` ఆధార్‌లోకి వచ్చేసింది. పాన్‌లో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంది. దాంతో పాన్, ఆధార్ అనుసంధానం కాలేదు, కేవైసీ ఆగిపోయింది.

ఆవిడ ముందు బ్రోకర్ యాప్‌లో పేరు మార్చాలని మూడుసార్లు ప్రయత్నించారు. ఒప్పుకోలేదు, ఒప్పుకోదు కూడా. డీమ్యాట్‌లో పేరు పాన్‌లో ఉన్నట్టే ఉండాలి. అందుకే ముందు మూల పత్రాన్ని సరిచేయాలి. బ్యాంకు ఖాతా కూడా పాన్ పేరుతోనే ఉంది కాబట్టి ఆధార్‌ను మార్చమన్నాను. పాన్ కార్డునే ఆధారంగా చూపించి ఆధార్ కేంద్రంలో మార్పించుకున్నారు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. అందుకే ప్రతి అక్షరం సరిచూసుకున్నాకే సంతకం పెట్టమని చెప్పాను.

తర్వాత 1000 రూపాయల ఆలస్య రుసుము కట్టి పాన్‌తో అనుసంధానం చేశాం. ఆ తర్వాతే బ్రోకర్ దగ్గర కేవైసీ మార్పు దరఖాస్తు పెట్టాం. డిజిలాకర్‌లో పాత ఆధార్ కాపీయే కనిపిస్తుంటే కొత్తది తెప్పించుకున్నాకే జత చేయాలి. ఈ వరుస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: హోల్డ్‌లో పడితే షేర్లు పోతాయి.

పోవు. లావాదేవీలకే ఆటంకం. షేర్లు మీ ఖాతాలోనే ఉంటాయి.

అపోహ: కేఆర్ఏలో సరిచేస్తే అన్నీ మారిపోతాయి.

బ్యాంకు ఖాతా మారదు. డివిడెండు జమయ్యేది డీమ్యాట్‌లో నమోదైన బ్యాంకు ఖాతాకే. సునీత గారి డీమ్యాట్‌లో ఉన్నది పెళ్లికి ముందు తెరిచి, తర్వాత మూసేసిన పాత ఖాతా. డీమ్యాట్ ఖాతా వివరాలన్నీ ఉండే క్లయింట్ మాస్టర్ కాపీ తీసి చూస్తే బయటపడింది. రద్దు చేసిన చెక్కు జతచేసి మార్పు ఫారం విడిగా ఇచ్చాం.