పోస్టర్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటే చాలా?

బరంపురంలో ట్రస్టులకు, సొసైటీలకు లెక్కలు ఆడిట్ చేయడం నా పని. తుపాను తీరం దాటిన మర్నాటి నుంచే చుట్టాలు వాట్సాప్‌లో బాధితులకు విరాళాలు అడిగే పోస్టర్లు పంపుతారు, "ఇది నిజమైనదేనా, కాస్త చూసి చెప్పు" అని. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు, అడగకుండా ఫార్వర్డ్ చేసేవాళ్ల మీదే ఉంది.

అపోహ: "రిజిస్ట్రేషన్ నంబర్ ఉంది, విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే 80జీ అని కూడా రాశారు, కాబట్టి అసలుదే."

ఎక్కువమంది డబ్బు పోయేది ఇక్కడే. ఆ నంబర్ అసలుదే అయి ఉండొచ్చు. మోసగాళ్లు మంచి ట్రస్టు వెబ్‌సైట్ నుంచి పేరు, నంబర్, లోగో ఎత్తేసి, కింద తమ క్యూఆర్ కోడ్ అతికిస్తారు. పర్లాకిమిడిలో మా పిన్నికి జరిగింది ఇదే. నంబర్ వెతికితే ట్రస్టు దొరికింది, దాంతో నమ్మి మూడు వేలు పంపింది. నాలుగు రోజుల తర్వాత నాకు చెబితే, ఆ క్యూఆర్ స్కాన్ చేసి చూశాను. వచ్చింది ట్రస్టు పేరు కాదు, ఎవరో ఒక వ్యక్తి పేరు. ట్రస్టు వాళ్లకు ఫోన్ చేస్తే అసలు ఆ పోస్టర్ తమది కాదన్నారు. ఆ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను కానీ అప్పటికే ఆ ఖాతా ఖాళీ.

కాబట్టి చూడాల్సింది నంబర్ ఒక్కటే కాదు, నంబర్ ఎవరిదో ఖాతా కూడా వాళ్లదేనా అన్నది. స్కాన్ చేశాక పిన్ కొట్టకముందే తెర మీద పేరు వస్తుంది, అక్కడ ఆగి చదవండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మినహాయింపు ఉన్న సంస్థల జాబితా ఉంటుంది, అందులోని పేరుతో పోల్చండి. తేడా ఉంటే సంస్థకే ఫోన్ చేయండి, పోస్టర్ మీది ఫోన్ నంబర్‌కు మాత్రం కాదు, అది ఎత్తేది ఆ మోసగాళ్లే. అక్షరాలు కూడా చూసుకోవాలి. 2020లో పీఎం కేర్స్ నిధి అసలు యూపీఐ ఐడీ pmcares@sbi అయితే, pmcare@sbi అని ఒక్క అక్షరం తగ్గించి నకిలీది తయారుచేశారు.

అపోహ: "ఫొటోలు ఉన్నాయి కదా." ఏ వరదవో, ఏ ఏడాదివో తెలియని ఫొటోలు దేనికీ రుజువు కావు.

అపోహ: "సంస్థ అసలుదైతే డబ్బు బాధితులకే చేరుతుంది." రిజిస్ట్రేషన్ ఆ హామీ ఇవ్వదు. ఏ ఊళ్లో, ఎన్ని ఇళ్లకు, ఏమిచ్చారని అడగండి, కిందటి ఏడాది ఆడిట్ నివేదిక కూడా అడగండి. సక్రమంగా నడిపేవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

రిజిస్ట్రేషన్ లేని ప్రతి గుంపూ దొంగది అనుకోవడమూ పొరపాటే. 2018 తిత్లీ తుపాను అప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాక, మాకు తెలిసిన కుర్రాళ్లు కొందరు టార్పాలిన్లు పంచారు. ఏ సొసైటీ లేదు. ఇంటికో సంతకం, లేకపోతే వేలిముద్ర, అన్నీ బడి నోట్‌బుక్‌లో రాయించుకున్నారు. ఇలాంటివాళ్లకు నేనైతే డబ్బు పంపను, బియ్యమో టార్పాలినో కొని చేతికే ఇస్తాను.