వాంగ్మూలాల్లో "అని": అపోహలు - వాస్తవాలు

గోదావరి డెల్టాలో కాలువ నీటి తగాదాలపై రైతులు ఇచ్చే అర్జీలను, వాంగ్మూలాలను ఇంగ్లీషులోకి మార్చడం నా పని. ఎవరు ఏమన్నారన్నదే అక్కడ అసలు తగాదా కనుక, "అని" దగ్గర పొరపాటు జరిగితే నింద ఒకరిది మరొకరి మీదికి పోతుంది.

అపోహ: తెలుగు వాక్యంలో కర్త తేలదు, ఇంగ్లీషులో పెడితేనే స్పష్టమవుతుంది.

వాస్తవం: తరచుగా జరిగేది దీనికి వ్యతిరేకం. "తూము తలుపు ఎత్తేస్తానని లస్కరు చెప్పాడు" అంటే ఎత్తేది కాలువ మీద నీళ్ళు వదిలే ఉద్యోగి అయిన లస్కరే. "ఎత్తేస్తాడని లస్కరు చెప్పాడు" అంటే ఎత్తేది ఇంకొకడు. క్రియ చివరి ప్రత్యయమే ఈ తేడా చెబుతుంది. ఇంగ్లీషులో రెండూ "హి సెడ్ హి వుడ్ ఓపెన్ ఇట్" అయిపోతాయి కాబట్టి, రెండో వాక్యాన్ని మార్చేటప్పుడు "సెడ్" తర్వాతి "హి" స్థానంలో మనిషిని పేరుతోనో, పనితోనో చెప్పి తీరాలి.

అయితే ఈ సాయం అన్నిచోట్లా దొరకదు. "తూము ఎత్తలేదని లస్కరు చెప్పాడు" అన్నప్పుడు "లేదు"కు పురుష భేదం లేదు. ఎత్తనిది తనో, మరొకడో వాక్యాన్ని బట్టి తెలియదు. వాంగ్మూలం ఇచ్చినవారిని అడిగే వీలుంటే అడుగుతాను. లేకపోతే "ది స్లూస్ హాడ్ నాట్ బీన్ ఓపెన్డ్" అని కర్మణిలో రాసి, మూలంలోని సందిగ్ధతను అలాగే ఉంచుతాను. ఊహించి ఒకరిని కర్తగా నిలబెట్టడం అనువాదకుడి పని కాదు.

అపోహ: "అని"కి ముందున్న కాలాన్ని, "రేపు" వంటి మాటలను ఉన్నవున్నట్టు దించాలి.

వాస్తవం: తెలుగు అన్నవాడి మాటలోని కాలాన్నే నిలుపుతుంది. "రేపు ఎత్తేస్తానన్నాడు" అన్న మాటకు, ఆ రోజు గడిచిపోయాక, ఇంగ్లీషులో "వుడ్", "ది నెక్స్ట్ డే" వస్తాయి.

అపోహ: "అని" ఉంటే ఎవరో ఏదో చెప్పినట్టే, పక్కన "చెప్పి" కూడా ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "సార్వాకు నీళ్ళొస్తాయని ఆకుమడి దున్నాం" అన్న వాక్యంలో ఎవరి హామీ లేదు, రైతు ఆశ మాత్రమే ఉంది. మన వైపు మాటల్లో అదే "నీళ్ళొస్తాయని చెప్పి దున్నాం" అవుతుంది. ఆ "చెప్పి" సాధారణంగా "అనుకుని" అన్న అర్థంలోనే వస్తుంది. దాన్ని "వియ్ వర్ టోల్డ్" అని రాస్తే, లేని హామీదారును కాగితం మీద పుట్టించినట్టే. నేను రెండు సంగతులు చూస్తాను. "చెప్పి" స్థానంలో "అనుకుని" పెట్టినా అర్థం మారకపోతే అది ఆలోచనే. నిజంగా వేరొకరు చెప్పి ఉంటే రైతు సాధారణంగా "లస్కరు చెబితే దున్నాం" అంటాడు, ఎందుకంటే "చెప్పి"కి, "దున్నాం"కు కర్త ఒకరే కావాలి.