ఏడాదికి నాలుగుసార్లు గీత దాటితే ఫర్వాలేదా?

ఒక బ్యాంకు ట్రేడింగ్ విభాగం సాయంత్రం మార్కెట్ మూసేశాక లెక్కలు వేసి, "రేపు మన నష్టం 10 కోట్లు దాటే అవకాశం నూటికి ఒక్కటే" అని తేల్చిందనుకుందాం. మర్నాడు 12 కోట్లు పోయాయి. లెక్క తప్పిందా?

చెప్పలేం. నూటికి ఒక్కసారి దాటుతుందని ముందే చెప్పారు కదా, ఆ ఒక్కసారి నిన్నే వచ్చి ఉండొచ్చు. పోనీ నష్టం 3 కోట్లే వచ్చిందంటే లెక్క సరైనదని అర్థమా? అదీ కాదు. ఈ 10 కోట్ల అంకెనే వాల్యూ యట్ రిస్క్, క్లుప్తంగా వీఏఆర్ అంటారు. ఏ ఒక్క రోజునో చూసి దీన్ని ఒప్పనీ తప్పనీ అనలేం. అందుకే ఏడాది పొడుగునా, అంటే సుమారు 250 ట్రేడింగ్ రోజుల పాటు, రోజూ ముందురోజు చెప్పిన వీఏఆర్‌ని ఆ రోజు వచ్చిన నష్టం పక్కన పెట్టి చూస్తారు. నష్టం వీఏఆర్‌ని దాటిన ప్రతి రోజూ ఒక ఎక్సెప్షన్. వాటిని లెక్కపెట్టి మోడల్ మీద తీర్పు చెప్పడమే బ్యాక్‌టెస్ట్.

లెక్కపెట్టడం చిన్నపిల్లల పని. చిక్కంతా తీర్పు దగ్గరే.

250 రోజుల్లో ఒక శాతం అంటే రెండున్నర రోజులు. అంటే మోడల్ నిఖార్సుగా ఉంటే సగటున రెండు మూడు ఎక్సెప్షన్లు రావాలి. సగటు అంతే, ప్రతి ఏడాదీ అలాగే వస్తుందని కాదు. పూర్తిగా సరైన మోడల్‌కి కూడా ఏడాదంతా ఒక్క ఎక్సెప్షన్ కూడా రాకపోవడానికి 8 శాతం అవకాశం ఉంది. సరిగ్గా నాలుగు రావడానికి 13 శాతం. సున్నా నుంచి నాలుగు వరకు అన్నీ కలిపితే 89 శాతం. మిగిలిన 11 శాతం సందర్భాల్లో మోడల్‌లో ఏ లోపమూ లేకపోయినా ఐదో, అంతకన్నా ఎక్కువో వస్తాయి.

బ్యాంకుల పర్యవేక్షణకు అంతర్జాతీయ నియమాలు రాసే బాసెల్ కమిటీ 1996లో తెచ్చిన మార్కెట్ రిస్క్ సవరణలో ఈ లెక్క ఆధారంగానే గీతలు గీసింది. నాలుగు వరకు పచ్చ, ఐదు నుంచి తొమ్మిది వరకు పసుపు, పది దాటినా పది వచ్చినా ఎరుపు. సరైన మోడల్‌కి పది రావడమంటే పదివేలలో రెండు మూడుసార్లు జరిగే సంగతి. కాబట్టి ఎరుపు దగ్గర ఎవరికీ పెద్దగా సందేహం ఉండదు.

రంగు మారితే డబ్బు కదులుతుంది. 1996 నియమాల ప్రకారం బ్యాంకు పక్కన పెట్టాల్సిన మూలధనం సాధారణంగా, పది రోజుల్లో రాగల నష్టానికి వేసిన వీఏఆర్ గత 60 రోజుల సగటుని కనీసం 3తో హెచ్చవేస్తే వచ్చేది. ఐదు ఎక్సెప్షన్లు వస్తే ఆ 3 కాస్తా 3.4 అవుతుంది, ఆరైతే 3.5, తొమ్మిదైతే 3.85, పది వస్తే 4. సగటు వీఏఆర్ 30 కోట్లున్న బ్యాంకుకి ఆరు ఎక్సెప్షన్లు వచ్చాయంటే 90 కోట్లు సరిపోయే చోట 105 కోట్లు పెట్టాలి. ఐదోది వచ్చిన రోజు రిస్క్ విభాగంలో టెన్షన్ ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు రెండోవైపు నుంచి చూద్దాం. పచ్చ రంగు వచ్చినంత మాత్రాన మోడల్ మంచిదని చెప్పగలమా? నష్టాలు గంట ఆకారపు నార్మల్ పంపిణీలో ఉంటాయనుకుని, మార్కెట్ ఒడుదొడుకుల్ని ఒక మోడల్ 12 శాతం తక్కువగా అంచనా వేస్తోందనుకోండి. చూడ్డానికి చిన్న పొరపాటే. కానీ మనం చూస్తున్నది ఆ గంట ఆకారపు తోక చివరని, అంటే అరుదైన పెద్ద నష్టాల్ని, కాబట్టి దాని ప్రభావం పెద్దది: నూటికి ఒకటి రావాల్సిన ఎక్సెప్షన్ నూటికి రెండవుతుంది, ఏడాదికి సగటు ఐదుకి చేరుతుంది. అయినా ఈ మోడల్ ఏడాది చివర పచ్చగా బయటపడే అవకాశం 44 శాతం. దాదాపు బొమ్మాబొరుసే. అంచనా 19 శాతం తక్కువైతే ఎక్సెప్షన్లు మూడింతలవుతాయి. అలాంటి మోడల్ కూడా ఎనిమిదింట ఒకసారి పచ్చలోనే ఉంటుంది.

గీతను నాలుగు దగ్గర కాకుండా రెండు దగ్గర గీస్తే? చెడ్డ మోడళ్లు ఎక్కువ దొరుకుతాయి, కానీ మంచివాటిలో సగానికి దగ్గరగా కూడా ఇరుక్కుంటాయి. ఒకవైపు తగ్గించిన తప్పు రెండోవైపు పెరుగుతుంది. దీనికి అసలు మందు ఎక్కువ రోజుల డేటా. వెయ్యి రోజులుంటే పది ఎక్సెప్షన్లకీ ఇరవైకీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ నాలుగేళ్లలో బ్యాంకు కొన్నవీ అమ్మినవీ మారిపోతాయి, మోడల్‌నే రెండుసార్లు మార్చి ఉంటారు. అప్పుడు మనం పరీక్షిస్తున్నది దేన్ని?

అందుకే నా దృష్టిలో ఎక్సెప్షన్ల సంఖ్యకన్నా వాటి తేదీలు ఎక్కువ చెబుతాయి. ఒక ఊహాత్మక బ్యాంకు తీసుకుందాం. ఏడాదిలో ఆరు ఎక్సెప్షన్లు: ఫిబ్రవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి, అక్టోబరులో నాలుగు. ఆ నాలుగింట్లో మూడు వరుసగా మూడు రోజుల్లో వచ్చాయి. మోడల్ సరైనదైతే, నిన్న ఎక్సెప్షన్ వచ్చినా రాకపోయినా ఇవాళ వచ్చే అవకాశం ఒక శాతమే ఉండాలి. ఇక్కడ ఆరు ఎక్సెప్షన్లలో రెండింటికి మర్నాడే మరొకటి తోడైంది. అంటే 33 శాతం. ఈ గుంపులు కట్టడాన్ని పట్టుకునే పరీక్షను పీటర్ క్రిస్టాఫర్సన్ 1998లో ప్రతిపాదించాడు. బాసెల్ రంగులకి మాత్రం గుంపుతో పని లేదు. ఏడాదంతా చెదురుమదురుగా వచ్చిన నాలుగూ, ఒకే వారంలో వచ్చిన నాలుగూ దానికి ఒకే పచ్చ.

గుంపు ఎందుకు కడతాయో చూద్దాం. చాలా బ్యాంకులు వాడేది చారిత్రక సిమ్యులేషన్. గత 500 రోజుల మార్కెట్ కదలికల్ని ఇవాళ బ్యాంకు చేతిలో ఉన్న పొజిషన్ల మీద వేసి, వచ్చిన 500 ఫలితాల్ని వరసపెట్టి, కింది నుంచి ఐదో అతి పెద్ద నష్టాన్ని వీఏఆర్‌గా తీసుకుంటారు. అక్టోబరులో మార్కెట్ ఒక్కసారి కుప్పకూలిందనుకోండి. ఆ రోజు నష్టం జాబితాలో మొదటి స్థానానికి చేరుతుంది. పాత నాలుగోది ఐదోదవుతుంది. అంతే, వీఏఆర్ ఒక్క మెట్టు కదిలింది. బయట మార్కెట్ రెండింతలు ఊగుతుంటే మోడల్ మాత్రం ఇంకా 499 ప్రశాంతమైన రోజుల్నే చూస్తోంది. నాలుగైదు దెబ్బలు తగిలాక గానీ అంకె అందుకోదు, ఆ దెబ్బలే మన ఎక్సెప్షన్లు. ఇటీవలి రోజులకి ఎక్కువ బరువు ఇస్తే ఈ మందకొడితనం తగ్గుతుంది గానీ, మూలధనం రోజురోజుకీ ఎగిరిపడుతుంది.

ఇక జూన్ ఎక్సెప్షన్‌ని తవ్వితే వేరే కథ బయటపడొచ్చు. ఎవరూ కొనని ఒక బాండు ధర మూడు వారాలుగా సిస్టమ్‌లో మారకుండా ఉండి, ఒకే రోజు సరిచేశారు. మూడు వారాల నష్టం ఆ ఒక్క రోజు ఖాతాలో పడింది. ఇది మోడల్ గణితంలో లోపం కాదు, దానికి అందే డేటాలో లోపం. బాసెల్ కమిటీ పసుపు రంగులో ఉన్న బ్యాంకుల ఎక్సెప్షన్లని కారణాన్ని బట్టి వేరు చేయమంది. మోడల్ పునాదిలోనే లోపం, దాని సూక్ష్మత చాలకపోవడం, దురదృష్టం లేదా మోడల్ ఊహించని మార్కెట్ కదలిక, రోజు మధ్యలో జరిగిన కొనుగోలు అమ్మకాలు. మొదటి రెండింటికీ అదనపు మూలధనం పడాలి. దురదృష్టం అన్న గడిలోకి అన్నిటినీ తోసేయడం ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు.

నష్టాన్ని కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. వీఏఆర్ నిన్న సాయంత్రం పొజిషన్ల మీద వేసిన లెక్క. కానీ ఇవాళ ట్రేడర్లు కొంటారు, అమ్ముతారు, ఖాతాదారుల నుంచి కమీషన్లు వస్తాయి. పాత పొజిషన్ల మీద 11 కోట్లు పోయి, కమీషన్ల మీద 2 కోట్లు వచ్చిందంటే ఖాతాలో కనిపించే నష్టం 9 కోట్లే. ఎక్సెప్షన్ మాయం. అందుకే నిన్నటి పొజిషన్లని కదపకుండా ఉంచితే ఎంత పోయేదో విడిగా లెక్కగడతారు. దాన్ని ఊహాత్మక లాభనష్టమంటారు. మోడల్‌ని పరీక్షించడానికి అదే సరైన కొలత. ఏళ్ల తరబడి సున్నా చూపించే బ్యాంకుని నేనైతే ముందుగా అడిగేది, ఏ లాభనష్టంతో పోల్చారని.

నిజంగా ఎరుపులోకి వెళ్లిన బ్యాంకుల్లో బాగా తెలిసినది స్విట్జర్లాండ్‌కి చెందిన యూబీఎస్. 2007లో దానికి 29 ఎక్సెప్షన్లు వచ్చాయి. సరైన మోడల్‌కి అన్ని రావడం జరగని పని. అమెరికా సబ్‌ప్రైమ్ ఇళ్ల రుణాల వల్ల ఆ ఏడాది బ్యాంకు రాసేసుకున్న నష్టం 1870 కోట్ల డాలర్లు. ఎందుకిలా జరిగిందో వివరిస్తూ 2008 ఏప్రిల్‌లో బ్యాంకే వాటాదారులకి నివేదిక ఇచ్చింది. నష్టాల్లో పెద్ద వాటా సూపర్ సీనియర్ అనే ట్రిపుల్ ఏ రేటింగ్ ఉన్న సెక్యూరిటీలది. వీఏఆర్ లెక్కకి ఏ ధరల చరిత్ర వాడాలో ఆ రేటింగే నిర్ణయించింది, ఆ చరిత్ర ఐదేళ్లది, ఆ ఐదేళ్లూ ధరలు దాదాపు కదల్లేదు. దాంతో నష్టం నుంచి కాపాడే హెడ్జ్ లేని పొజిషన్లు కూడా వీఏఆర్‌లో పెద్దగా కనిపించలేదు.

ఇక్కడ బ్యాక్‌టెస్ట్ ఏం చేయగలిగేది? నష్టాలు మొదలయ్యే దాకా ఏమీ లేదు. ధర కదలనంత కాలం ఎక్సెప్షన్ రాదు, ఎక్సెప్షన్ రానంత కాలం మోడల్ పచ్చగానే ఉంటుంది. జరిగిన రోజులతో జరిగిన అంచనాల్ని పోల్చడం తప్ప ఈ పరీక్షకి వేరే చూపు లేదు.

పరిమాణం కూడా దానికి పట్టదు. వీఏఆర్ 10 కోట్లున్నప్పుడు 10.1 కోట్ల నష్టమూ ఒకటే ఎక్సెప్షన్, 40 కోట్ల నష్టమూ ఒకటే. మూలధనం లెక్కని బాసెల్ కమిటీ 2019 నియమాల్లో వీఏఆర్ నుంచి ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్‌కి మార్చడానికి ఇదొక కారణం. గీత దాటిన రోజుల్లో సగటున ఎంత పోతుందన్నదే ఆ కొలత. కానీ బ్యాక్‌టెస్ట్ మాత్రం ఇంకా వీఏఆర్ మీదే, ఎక్సెప్షన్లని లెక్కపెట్టే జరుగుతుంది, ఎందుకంటే సగటుని పరీక్షించడం కన్నా దాటిందా లేదా అని చూడటం చాలా సులువు. మారిందల్లా, ఇప్పుడు బ్యాంకు మొత్తానికే కాక ఒక్కో ట్రేడింగ్ డెస్కుకీ విడిగా లెక్క ఉంది. ఏడాదిలో నూటికి ఒక్కసారే దాటాల్సిన 99 శాతం వీఏఆర్‌ని 12 కన్నా ఎక్కువసార్లు గానీ, నూటికి రెండున్నర సార్లు దాటాల్సిన 97.5 శాతం వీఏఆర్‌ని 30 కన్నా ఎక్కువసార్లు గానీ దాటిన డెస్కు సొంత మోడల్ వాడే అర్హత కోల్పోయి, అందరికీ ఒకేలా ఉండే ప్రామాణిక పద్ధతిలోకి వెళ్లాలి. ఒక డెస్కు నష్టాన్ని ఇంకో డెస్కు లాభం కప్పేసి బ్యాంకు మొత్తం మీద పచ్చగా కనిపించే వీలు ఈ లెక్కలో లేదు.