యాడ్ రిజెక్టయితే తమ్ముడి అకౌంట్ జోలికెళ్లకండి

పోయిన శుక్రవారం సాయంత్రం విశాఖ సీతమ్మధారలో డైట్ క్లినిక్ నడిపే ఒక మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, ఫేస్‌బుక్‌లో మా యాడ్ నాలుగోసారి కూడా రిజెక్టయింది. మా తమ్ముడి అకౌంట్ నుంచి పెడితే ఆ అకౌంటే పోయింది. ఆదివారం క్యాంపు పెట్టుకున్నాం, ఇప్పుడేం చెయ్యాలి?" ఆవిడ గొంతులో కంగారు చూస్తే జాలేసింది. తమ్ముడి అకౌంట్ నుంచి పెట్టమని సలహా ఇచ్చినవాడి మీద మాత్రం ఒళ్లు మండింది. ద్వారకానగర్‌లో ఆన్‌లైన్ యాడ్స్ పనులు చూసే నా ఆఫీసుకి ఇలాంటి ఫోన్లు నెలకి రెండైనా వస్తాయి.

అపోహ: రిజెక్టయిన యాడ్‌ని ఇంకో అకౌంట్ నుంచి పెడితే పాసైపోతుంది.

వాస్తవం: యాడ్ పబ్లిష్ కొట్టగానే అది రివ్యూకి వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చాలామటుకు 24 గంటల్లోపే తేలిపోతుంది. ఎక్కువ భాగం మెషీనే చూస్తుంది, కొన్ని మాత్రమే మనుషుల దాకా వెళ్తాయి. బొమ్మ, దాని మీద రాత, కింద మేటర్, ఎవరికి చూపించమన్నారు, లింకు నొక్కితే తెరుచుకునే పేజీ, అన్నీ కలిపి చూస్తారు. మరి అదే మేటర్, అదే లింకు, అదే కార్డుతో ఇంకో అకౌంట్ నుంచి వస్తే ఏమనుకుంటారు? వీళ్లు తప్పించుకోవడానికి చూస్తున్నారనే. రిజెక్షన్ చిన్న తప్పు, దిద్దుకుంటే పోతుంది. రివ్యూని దాటెయ్యాలని చూడటం పెద్ద తప్పు, దానికి అకౌంటే మూసేస్తారు. గూగుల్ యాడ్స్‌లోనైతే దీనికి ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. పనిలోకి దిగిన కొత్తలో ఒక కోచింగ్ సెంటర్ యాడ్‌కి నేనూ ఇదే తెలివి ప్రదర్శించి, వాళ్ల అకౌంట్‌తో పాటు నాదీ పోగొట్టుకున్నాను.

సరే, మేడమ్ మొదటిసారి పెట్టిన యాడ్ తెరిచి చూశాను. పైన "మీకు షుగర్ ఉందా? మీ పొట్ట చూసి నవ్వుతున్నారా?" అని రాసుంది. పక్కన లావుగా ఒక ఫొటో, సన్నగా ఒక ఫొటో. కింద "30 రోజుల్లో 10 కిలోలు గ్యారంటీ".

మొదటి లైనే అసలు కొంప ముంచింది. చదివేవాడికి ఫలానా జబ్బు ఉందని మనకి తెలిసినట్టు మాట్లాడకూడదు. "మీ" అనే మాటతో గొడవేమీ లేదు, "మీకు షుగర్ ఉందా" అని వేలెత్తి చూపించడంతోనే గొడవ. "షుగర్ ఉన్నవాళ్ల కోసం డైట్ క్యాంపు" అంటే సమస్య లేదు. ముందు-తర్వాత ఫొటోలు, గ్యారంటీలు బరువు తగ్గించే యాడ్స్‌లో నడవవు. ఆ యాడ్స్ 18 ఏళ్లు నిండినవాళ్లకే చూపించాలి, ఈవిడ 16 నుంచి పెట్టారు. ఇక షుగర్ నయం చేస్తామని రాస్తే ఫేస్‌బుక్ సంగతి అటుంచి, మన దేశంలో 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే అడ్డొస్తుంది.

"ఫొటోలు రెండోసారికే తీసేశాం కదా, మరెందుకు రిజెక్టయింది?" అని అడిగారు. లింకు నొక్కి చూపించాను. వెబ్‌సైట్ తెరవగానే అవే ఫొటోలు, అదే గ్యారంటీ. నాలుగుసార్లూ యాడ్ మార్చారు, పేజీని ఎవరూ ముట్టుకోలేదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి. కారణం "Rejected" అన్న చోటే రాసి ఉంటుంది. అది చదివి, ముందు పేజీ, తర్వాత యాడ్ దిద్దాలి. కొత్త యాడ్ చెయ్యకుండా పాతదాన్నే ఎడిట్ చేస్తే మళ్లీ రివ్యూకి వెళ్తుంది. మన తప్పేం లేదని నిజంగా అనిపిస్తేనే "Request review" నొక్కండి. మెషీనూ పొరబడుతుంది.

మిగతా పుకార్లు గబగబా. బొమ్మ మీద రాత 20 శాతం దాటకూడదన్న రూలు 2020లోనే ఎత్తేశారు, ఇంకా స్కేలు పట్టుకుని కొలవకండి. రిజెక్టయిన యాడ్‌కి డబ్బు కట్ అవ్వదు. ఒకసారి అప్రూవ్ అయితే ఇక ఢోకా లేదనుకోవద్దు, నడుస్తున్న యాడ్‌ని కూడా మళ్లీ చూస్తారు. ఎక్కువ బడ్జెట్ పెడితే వదిలేస్తారన్నది వట్టి మాట.

మేడమ్ సొంత అకౌంట్ అదృష్టవశాత్తూ బతికే ఉంది. ఆ రాత్రే పేజీ మార్పించి, వయసు 18కి పెంచి, మొదటి లైను తిరగరాశాం. శనివారం మధ్యాహ్నానికి అప్రూవ్ అయింది. తమ్ముడిగారి అకౌంట్‌కి మాత్రం అప్పీలు పెట్టి ఎదురుచూస్తున్నాం. గాజువాకలో ఆయన చీరల షాపు యాడ్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. దసరా ఆఫర్ పోస్టర్లు పంపించి, ఎప్పుడు మొదలవుతాయని ఆయన రోజూ నన్నే అడుగుతున్నారు.